పదకొండు మంది అడిగారు, ఒక్కరూ కొనలేదు

*అక్కా, నరసరావుపేటలో మాది చిన్న చీరల కొట్టు. పోయిన నెల మొదటిసారి ఒక మంగళగిరి కాటన్ చీర ఆన్‌లైన్‌లో పెట్టాను. ‘మంగళగిరి ప్యూర్ కాటన్ చీర, సూపర్ క్వాలిటీ, తక్కువ ధర’ అని రాశాను. పదకొండు మంది ఏవేవో అడిగారు. అందరికీ ఓపిగ్గా జవాబిచ్చాను, ఒక్కరూ కొనలేదు. వీళ్ళంతా టైమ్‌పాస్‌కి అడుగుతున్నారా? డబ్బిచ్చి ఎవరిచేతైనా బాగా రాయించుకోమంటారా? చెప్పండక్కా.*

చెల్లీ, డబ్బిచ్చి ఎవరిచేతా రాయించుకోవద్దు. ఆ పదకొండు మంది ఏం అడిగారో నీ ఫోన్‌లో ఇంకా ఉండే ఉంటుంది, చెరిపెయ్యకు. నువ్వు రాయాల్సిన మాటలు అందులోనే ఉన్నాయి. నేనూ ఇలాగే మొదలుపెట్టాను కాబట్టి, నా మొదటి చీర కథ మొత్తం చెబుతాను. అది కూడా మంగళగిరి కాటనే.

మాది తెనాలి. మా అత్తగారు ముప్ఫై ఏళ్ళు నడిపిన కొట్టును ఆవిడ మోకాళ్ళ నొప్పులతో కూర్చోలేకపోయాక నేను చూసుకోవడం మొదలుపెట్టాను. ఒక రాత్రి కొట్టు కట్టేసే ముందు మా అబ్బాయి ఒక పచ్చ చీరను మడత విప్పకుండా బల్ల మీద పెట్టి, ట్యూబ్‌లైట్ కింద ఫొటో తీశాడు. దాని కింద నేను ఇలా రాశాను: ‘మంగళగిరి కాటన్ చీర. పచ్చ రంగు. జరీ అంచు. చాలా బాగుంటుంది. మంచి క్వాలిటీ. కావలసినవారు మెసేజ్ చేయండి. ధర 1,650.’ రాసి, ఇంకేం కావాలి అనుకున్నాను.

గంటలోపే ఒకావిడ అడిగింది. ‘లెంత్ ఎంతండీ?’

‘ఆరు గజాలండీ’ అన్నాను.

‘బ్లౌజుతో కలిపా, బ్లౌజు కాకుండానా?’

నాకు తెలియదు. అన్నేళ్ళుగా చీరల మధ్య ఉంటున్నదాన్ని, చేతిలో ఉన్న చీర పొడవు నాకు తెలియదు. కొట్టులో ఎవరైనా ఇదే అడిగితే చీర విప్పి బల్ల మీద పరుస్తాం, బ్లౌజు ముక్క ఎక్కడ మొదలవుతుందో చూపిస్తాం, ఆవిడ భుజం మీద వేస్తాం. కొలత చెప్పాల్సిన అవసరమే రాదు. ‘బ్లౌజు ఉందండీ’ అని రాసి ఊరుకున్నాను. ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు.

రెండు రోజుల తర్వాత ఇంకొకావిడ అడిగిన తీరులో అసలు సంగతి బయటపడింది. ‘నేను కొంచెం లావుగా ఉంటానండీ, కుచ్చిళ్ళు సరిపడా వస్తాయా?’ మొదటావిడ అడిగిందీ ఇదే అయ్యుంటుంది. మనిషిని చూడకుండా చీర అమ్ముతున్నాం కదా, ఆవిడ తన గురించి చెప్పుకోవడానికి మొహమాటపడి పొడవు అడిగింది. లెక్క కూడా చూడు. ఆరు గజాలంటే 5.49 మీటర్లు. అందులోనే 80 సెంటీమీటర్ల బ్లౌజు ముక్క కలిసి ఉంటే కట్టుకోవడానికి మిగిలేది 4.69 మీటర్లే. సన్నగా ఉన్నవాళ్ళకు అది ఎలాగో సరిపోతుంది, లావుగా ఉన్నవాళ్ళకు కుచ్చిళ్ళయినా తగ్గాలి, పమిటయినా పొట్టిదవ్వాలి. నేను చెప్పిన ‘ఆరు గజాలు’ అన్న మాటతో ఆవిడ ఏదీ తేల్చుకోలేదు.

ఆ రాత్రి చాప పరిచి, నేనూ మా అబ్బాయీ చెరో కొస పట్టుకుని కొలిచాం. చీర 5.45 మీటర్లు, బ్లౌజు 80 సెంటీమీటర్లు, మొత్తం 6.25 మీటర్లు. వెడల్పు 46 అంగుళాలు. పొడుగ్గా ఉండేవాళ్ళు ఈ వెడల్పు కోసమే చూస్తారు, మడమ దాకా దిగుతుందో లేదో దాన్నిబట్టే తెలుస్తుంది. కొలిచేటప్పుడు లాగి పట్టుకోకు, నేల మీద ముడతలు లేకుండా వదిలేసి కొలువు. గంజి పెట్టిన కాటన్‌ను లాగితే టేపు మీద రెండు మూడు అంగుళాలు ఎక్కువ కనిపిస్తాయి, ఉతికాక అవి ఉండవు. కాటన్ మొదటి ఉతుకులో కాస్త ముడుచుకుంటుంది కూడా. అందుకే నేను ‘ఉతకకముందు కొలత’ అని రాస్తాను. మగ్గం మీద నేసినవి కాబట్టి ఒకే రకం చీరలు పది ఉంటే పదీ కచ్చితంగా ఒకే పొడవు రావు. ఒకటి కొలిచి అన్నిటికీ అదే రాయకుండా, పదీ కొలిచి అందులో తక్కువదాన్ని రాయి. ఎక్కువ వచ్చిందని ఎవరూ తిరిగి పంపరు.

ఆ కొలతలు కలిపి లిస్టింగ్ మార్చిన మర్నాడే చీర అమ్ముడైంది. కాకినాడ పంపాను. ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. ఆరో రోజున అది వెనక్కి వచ్చింది. ‘ఫొటోలో ముదురు పచ్చ ఉంది, మీరు పంపింది లేత పచ్చ’ అని కొన్నావిడ చీటీ పెట్టింది. రానూపోనూ ఖర్చులు నేనే పెట్టుకున్నాను. ఆవిడ మోసం చేస్తోందేమో అని కూడా ఒక పూట అనుకున్నాను, ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

మా అత్తగారికి చూపించాను. ఆవిడ ఫోన్‌లో ఫొటో చూసి, చీర చేతిలోకి తీసుకుని, ‘గడప దగ్గరకు పదవే’ అంది. పొద్దున తొమ్మిది కాలేదు. ఎండ ఇంకా వీధి అవతలే ఉంది. ఆ వెలుగులో చీర అంచు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూపించింది. ‘ఇది పచ్చ కాదే. లేత అరిటాకు పచ్చ. మడత పడ్డచోట పసుపు కొడుతోంది చూడు. పడుగు పచ్చ, పేక పసుపు.’

అప్పుడు తెలిసింది. నిలువుగా పోయే పడుగు దారం ఒక రంగు, అడ్డంగా నేసే పేక దారం ఇంకో రంగు అయితే, చీర ఒక్కో కోణంలో ఒక్కోలా కనిపిస్తుంది. మనం డబుల్ షేడ్ అంటాం. కట్టుకుని నడుస్తుంటే అదే అందం. కానీ బల్ల మీద మడతగా పడి ఉన్నప్పుడు, పైనుంచి ట్యూబ్‌లైట్ పడుతుంటే ఫోన్ ఆ రెండు రంగుల్ని కలిపి ఒకే ముదురు పచ్చగా చూపించింది. పైగా ఫోన్ దానంతటది వెలుగును సరిచేసుకుంటుంది. ఎదురుగా పచ్చ తప్ప ఇంకేం లేకపోతే, దేన్ని తెలుపు అనుకోవాలో దానికి తెలియదు.

అప్పటినుంచి నేను చేసేది ఇది. ఫొటో పొద్దుటి పూట గడప దగ్గర తీస్తాను. నీడ ఉండాలి, వెలుగు ధారాళంగా రావాలి. నేరుగా ఎండలో పెడితే జరీ మెరిసి చుట్టూ ఉన్న రంగు పాలిపోతుంది. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెడతాను. ఫొటోలో ఆ కాగితం తెల్లగా కనిపిస్తే చీర రంగు దాదాపు సరిగ్గా వచ్చినట్టే. కాగితం నీలంగానో పసుపుగానో కనిపిస్తే ఆ ఫొటో పారేసి మళ్ళీ తీస్తాను. ఫిల్టర్ అసలు వాడను. డబుల్ షేడ్ అయితే కొంగు చేత్తో పట్టుకుని తిప్పుతూ పది సెకన్ల వీడియో పెడతాను.

రంగు పేరు విషయంలో మా అత్తగారి తరం మనకంటే చాలా ముందుంది. నేను పచ్చ, నీలం, ఎరుపు అని రాసేదాన్ని. ఆవిడ అవే చీరలను చిలకపచ్చ, నెమలికంఠం, వంకాయ రంగు, ఉల్లిపొర రంగు, ఇటుక రంగు, మిరపపండు ఎరుపు అంటుంది. చదివినవాళ్ళ కళ్ళ ముందు ఒక వస్తువు కనిపిస్తుంది, అందుకే తేడా రాదు. ఫొటో ఎంత బాగా తీసినా కొనేవాళ్ళ ఫోన్ తెర మీద కాస్త మారుతుంది. అలా మారిన రంగును ఈ పేరే సరిదిద్దుతుంది. నీ కొట్టులో ఉన్న పెద్దవాళ్ళనెవరినైనా కూర్చోబెట్టుకుని నీ దగ్గరున్న రంగులన్నిటికీ ఇలా పేర్లు రాసుకో. అవసరమైతే పక్కన ‘బాటిల్ గ్రీన్ కాదు’ అని కూడా రాయి. ఏది కాదో చెప్పడం కూడా కొనేవాళ్ళకు బాగా పనికొస్తుంది.

వెనక్కి వచ్చిన చీరను రంగు సరిచేసి మళ్ళీ పెట్టాను. ఈసారి ఒకావిడ, ‘పల్చగా ఉంటుందా? లోపలి లంగా కనిపిస్తుందా?’ అని అడిగింది. నేను ‘మంచి క్వాలిటీ అండీ’ అని టైప్ చేసి, పంపబోయి ఆగాను. ఆవిడ అడిగింది క్వాలిటీ గురించి కాదు. టీచరమ్మేమో, ఆఫీసులో రోజంతా నిలబడే మనిషేమో, కట్టుకుంటే ఇబ్బంది లేకుండా ఉంటుందా అని అడుగుతోంది.

మనం కొట్టులో అయితే ఒక పొర కింద అరచెయ్యి పెట్టి చూపిస్తాం కదా, అదే ఫొటో తీశాను. ఒక్క పొర చీర, దాని కింద నా చెయ్యి. చెయ్యి ఆకారం లీలగా తెలుస్తోంది, గాజుల రంగు తెలియడం లేదు. ఆ ఫొటో కింద, ‘ఒక్క పొరగా కాస్త పల్చన, అదే రంగు లంగా వేసుకుంటే ఇబ్బంది ఉండదు’ అని రాశాను. పల్చన అని ఒప్పుకుంటే ఎవరూ కొనరేమో అని భయం వేసింది. ఎండాకాలానికి పల్చటిదే కావాలని వెతుక్కునేవాళ్ళు ఉన్నారని తర్వాత తెలిసింది. వాళ్ళకూ ఆ ఫొటోయే పనికొచ్చింది.

నూలు నంబరు కూడా అప్పుడే నేర్చుకున్నాను. నాకు చీరలిచ్చే నేతగాడిని అడిగితే ‘ఎనభై నంబరమ్మా’ అన్నాడు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నమవుతుంది. పెద్ద నంబరు కదా అని మందం ఎక్కువనుకునేవాళ్ళు ఉంటారు, ఆ పొరపాటు పడకు. ఈ నంబరు తెలిసినవాళ్ళకు తెలుస్తుంది, తెలియనివాళ్ళకు ఉత్త అంకె. అందుకే దాంతోపాటు బరువు కూడా రాస్తాను. ఆ చీరను వంటింటి తూకంలో పెడితే 420 గ్రాములు తూగింది. కొనేవాళ్ళు తమ బీరువాలో ఉన్న కాటన్ చీర ఒకటి తీసి తూచుకుంటే, ఇది ఒంటి మీద ఎలా ఉంటుందో చాలావరకు తెలిసిపోతుంది. తాకి చూడలేని మనిషికి అంతకంటే దగ్గరి దారి నాకు ఇంతవరకు దొరకలేదు.

‘రంగు దిగుతుందా?’ అని కూడా నీకు ఎవరో ఒకరు అడిగే ఉంటారు. పరీక్ష చేయకుండా ‘దిగదు’ అని మాత్రం అనకు. చీర కొసన వేలాడే దారాలు ఒక నాలుగు కత్తిరించి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో తెల్ల గుడ్డ ముక్కతో కలిపి అరగంట ఉంచు. గుడ్డకు ఏ రంగు అంటిందో చూసి అదే రాయి. పేక రంగు వేరే అయితే ఆ దారం కూడా వేయాలి, పడుగు ఒక్కటే చూస్తే సరిపోదు. ముదురు ఎరుపు, నలుపు, ముదురు నీలం మొదటి ఉతుకులో కొంచెం వదలడం మామూలే. ‘మొదటి రెండు సార్లు విడిగా, చల్లటి నీళ్ళలో ఉతికి నీడలో ఆరేయండి’ అని రాస్తే చాలు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు ఆగిపోతుందని చాలామంది చెబుతారు, ఆ హామీ నువ్వు ఇవ్వకు.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న వరంగల్ నుంచి వచ్చింది. ‘ఇది నిజంగా చేనేతేనా? జరీ అసలుదేనా?’ నాకు చాలా కోపం వచ్చింది. మా కొట్టును ఎవరూ అలా అడగలేదు. కానీ ఆవిడకు మా కొట్టు తెలియదు, మా అత్తగారు తెలియదు. మంగళగిరి పేరు పెట్టి పవర్‌లూమ్ చీరలు అమ్మేవాళ్ళ దగ్గర ఒకసారి మోసపోయిందట, తర్వాత మాటల్లో చెప్పింది. అలాంటి మనిషి అడగడంలో తప్పేముంది?

ముందు జరీ సంగతి తేల్చుకున్నాను. అసలు జరీ అంటే వెండి తీగకు బంగారు పూత వేసి, దారం చుట్టూ చుట్టింది. పదహారు వందల యాభైకి అమ్మే కాటన్ చీరకు అది రాదు. టెస్టెడ్ జరీ అని మనం పిలిచేదాంట్లో ఉండేది సాధారణంగా రాగి తీగ. ఇంకా చవకది ప్లాస్టిక్ పొర మీద మెరుపు. నేతగాడికి ఫోన్ చేసి అడిగితే తను వాడింది టెస్టెడ్ జరీ అని చెప్పాడు. ‘వెండి జరీ కాదు, టెస్టెడ్ జరీ’ అని అలాగే రాశాను. నీ లిస్టింగ్‌లో ‘ప్యూర్’ అన్న మాట ఉంది కదా, దాన్ని కాస్త చూసుకో. నువ్వు నూలు గురించి అని ఉంటావు, చదివినవాళ్ళు జరీకి కూడా అన్వయించుకుంటారు. నూలు పూర్తిగా కాటనే అయితే ‘పడుగు, పేక రెండూ కాటన్’ అని రాస్తే ఏ గొడవా ఉండదు.

చేనేత అని నిరూపించడం మాత్రం ఫొటోతో అయ్యే పని కాదు, ఆ మాట ఆవిడకు కూడా చెప్పాను. అంచు పక్కన వరసగా చిన్న చిన్న చిల్లులు ఉంటే చేనేత అని చాలామంది అంటారు. నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గిపోకుండా అడ్డంగా పెట్టే కర్రకు ఉండే ముళ్ళ గుర్తులు అవి. కానీ పవర్‌లూమ్ బట్టకూ అలాంటి గుర్తులు పడతాయి, కాబట్టి వాటిని చూపించి నమ్మించబోవద్దు. మంగళగిరి చీరకైతే చెప్పుకోదగ్గవి వేరే ఉన్నాయి. గుంట మగ్గం మీద నేస్తారు, ఒంటి మీద బుటా ఏమీ లేకుండా ఖాళీగా ఉంటుంది, అందమంతా జరీ అంచులోనూ కొంగులోని చారల్లోనూ ఉంటుంది. చిన్న చిన్న గోపురాల వరసలా కనిపించే అంచును నిజాం అంచు అంటారు. ఇవి రాస్తే చదివినవాళ్ళు తమకు తెలిసిన చీరతో పోల్చుకుంటారు. పవర్‌లూమ్ వాళ్ళు ఇవన్నీ కాపీ కొట్టగలరు, అది నిజమే. అందుకే చివరికి మిగిలేది చీర ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పగలగడం. కేంద్ర ప్రభుత్వం 2006లో మొదలుపెట్టిన హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ నీకు చీరలిచ్చేవాళ్ళ దగ్గర ఉంటే, ప్రతి చీరకూ వేయించుకుని దాని ఫొటో పెట్టు. లేకపోతే, మగ్గం దగ్గరకే వెళ్ళి, నేతగాడు ఒప్పుకుంటే, ఆ రంగు చీర మగ్గం మీద ఉండగా ఫొటో తీసుకో. నేను అలాగే చేశాను. తెనాలి నుంచి మంగళగిరికి ఒక పూట ప్రయాణం, వరంగల్ ఆవిడ ప్రశ్న లేకపోతే నేను ఆ మగ్గం చూసి ఉండేదాన్ని కాదు.

అక్కడ ఇంకో సంగతి కూడా తెలిసింది. పోగు తెగితే నేతగాడు ముడి వేస్తాడు. అక్కడక్కడా ఒక దారం లావుగా వస్తుంది. మనకు అది మామూలే, ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళకు అది డ్యామేజీలా కనిపిస్తుంది. ఇప్పుడు నేను పంపే ముందు చీర మొత్తం విప్పి, కిటికీకి ఎదురుగా వెలుగులో పట్టి చూస్తాను. ముడి ఉంటే దాని ఫొటో తీసి కొన్నావిడకు ముందే పంపుతాను. చిల్లు ఉంటే ఆ చీర అమ్మను, అంతే.

రిటర్న్ గురించి రెండు మాటలే. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, అమ్మకాల యాప్‌ల ద్వారా అమ్మేవాళ్ళు, వస్తువులో లోపం ఉన్నా, రాసినదానికీ పంపినదానికీ తేడా ఉన్నా వెనక్కి తీసుకోను అనడానికి లేదు. కాబట్టి ‘నో రిటర్న్’ అని పెద్దగా రాసుకున్నంత మాత్రాన లాభం లేదు. కట్టుకుని చూశాక నచ్చలేదంటే ఏం చేస్తావో మాత్రం ముందే రాయి. ఫాల్ కుట్టకపోతే, ఉతక్కపోతే ఏడు రోజుల్లో తీసుకుంటానని, పంపే ఖర్చు వాళ్ళదేనని నేను రాస్తాను.

ఇంతా అయ్యాక నా లిస్టింగ్ ఇలా తయారైంది. ఇది నువ్వు కాపీ చేసుకోవడానికి ఇవ్వడం లేదు, ఒక్కో మాట వెనక ఎవరి ప్రశ్న ఉందో గుర్తుపడతావని ఇస్తున్నాను.

‘మంగళగిరి చేనేత కాటన్ చీర, లేత అరిటాకు పచ్చ, నిజాం అంచు. ధర 1,650, పంపే ఖర్చు విడిగా. పడుగు పచ్చ, పేక పసుపు, అందుకే కదిలినప్పుడు పసుపు ఛాయ కనిపిస్తుంది, బాటిల్ గ్రీన్ కాదు. చీర 5.45 మీటర్లు, బ్లౌజు ముక్క విడిగా 80 సెంటీమీటర్లు, వెడల్పు 46 అంగుళాలు, ఉతకకముందు కొలత. బ్లౌజు ముక్క చీర రంగే, అంచు ఉంది. పడుగు, పేక రెండూ 80 నంబరు కాటన్, బరువు 420 గ్రాములు. ఒక్క పొరగా కాస్త పల్చన, మూడో ఫొటోలో చెయ్యి పెట్టి చూపించాను. టెస్టెడ్ జరీ, వెండి జరీ కాదు. చేత్తో నేసింది కాబట్టి అక్కడక్కడా పోగు ముడి ఉండొచ్చు. మొదటి రెండుసార్లు విడిగా ఉతకండి, జరీ మీద బ్రష్ వాడొద్దు.’

ధర మొదటి వరసలోకి ఎందుకు తెచ్చానంటే, రాసి ఉన్నా ‘ప్రైస్ ప్లీజ్’ అని రోజుకు నలుగురు అడిగేవాళ్ళు. వాళ్ళు చదవడం లేదని విసుక్కునేదాన్ని. ఒకసారి మా చెల్లెలి ఫోన్‌లో చూస్తే మొదటి రెండు వరసలే కనిపించాయి, మిగతాది నొక్కితే తప్ప రాదు. నా ధర ఏడో వరసలో ఉంది. రంగు, పేరు, ధర ఆ మొదటి రెండు వరసల్లో పట్టేలా చూసుకో.

టైమ్‌పాస్ వాళ్ళు ఉండరా అంటే ఉంటారు. ‘లాస్ట్ ఎంత?’ అని అడిగి వెళ్ళిపోయేవాళ్ళ కోసం లిస్టింగ్‌లో ఏమీ మార్చక్కర్లేదు, ఒకే ధర అని మర్యాదగా చెప్పు. మిగతా ప్రశ్నలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయి. అదే ప్రశ్న రెండోసారి వచ్చిందంటే దాని జవాబు లిస్టింగ్‌లోకి ఎక్కాలి. ఒక్కరే అడిగితే వాళ్ళకు చెబితే చాలు. నువ్వు ఓపిగ్గా జవాబులిచ్చానన్నావు, అవి ఆ పదకొండు మంది దగ్గరే ఉండిపోయాయి. అడగకుండా చదివి వెళ్ళిపోయినవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉంటారు, వాళ్ళకు ఏ జవాబూ అందలేదు.

రేపు పొద్దున ఎండ గడప దాకా రాకముందే నీ చీర తీసి కొలువు, తూచు, తెల్ల కాగితం పక్కన పెట్టి ఫొటో తియ్యి. లిస్టింగ్ మార్చాక ఆ పదకొండు మందికీ విడివిడిగా, ఎవరు అడిగింది వాళ్ళకు ఒక్క వాక్యంలో రాసి పంపు. ‘మీరప్పుడు పొడవు అడిగారు, కొలిచానండీ, బ్లౌజు కాకుండా 5.45 మీటర్లు’ అని నేనూ అలాగే పంపాను. కాకినాడ వెళ్ళి తిరిగొచ్చిన ఆ పచ్చ చీరను చివరికి కొన్నది, నేను పోగొట్టుకున్నాననుకున్న ఆ మొదటావిడే.